మిగిలిన నాలుగు మాత్రలు: అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలకు ఒక బహిరంగ లేఖ

అశోక్‌నగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నేను మైక్రోబయాలజిస్టుని. అంటే డాక్టర్నే, కానీ మీరు నా ముఖం చూసే అవకాశం తక్కువ. మీ రక్తమో, మూత్రమో సీసాలో నా దగ్గరికి వస్తుంది. అందులో ఏ బ్యాక్టీరియా పెరిగింది, దాని మీద ఏ మందు పనిచేస్తుంది అని రాసి, కింద సంతకం పెట్టి పంపిస్తాను. అలాంటి మనిషి మీకు ఉత్తరం రాయడానికి కారణం మీలో ఇద్దరు. ఒకే గదిలో ఉండే ఇద్దరబ్బాయిలు. వాళ్లకి చెప్పే రాస్తున్నాను. పేర్లు రాయను, ఒకరిది మంచిర్యాల వైపు, ఇంకొకరిది ఖమ్మం వైపు అని మాత్రం అనుకోండి.

జులైలో మంచిర్యాల అబ్బాయికి జ్వరం మొదలైంది. మొదటిరోజు వంద, మర్నాడు నూట ఒకటి, అలా మెట్లెక్కినట్టు పెరుగుతూ ఆరోరోజుకి నూట మూడు దాటింది. సాయంత్రాలు ఎక్కువ. తలనొప్పి, ఆకలి లేదు, విరేచనం కూడా సరిగా కాలేదు. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. అతను చేసిన మంచి పని ఏంటంటే, మెడికల్ షాపు దగ్గర ఆగకుండా నేరుగా ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టరు ఒక్క మాత్ర కూడా వేయకముందే పది మిల్లీలీటర్ల రక్తం తీయించి కల్చర్‌కి పంపారు. అజిత్రోమైసిన్ 500 ఎంజీ రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు. మొత్తం 14 మాత్రలు.

ఆ సీసా నా దగ్గరికి వచ్చింది. మా దగ్గర సీసాల్ని ఒక మెషీన్‌లో పెడతాం, లోపల ఏదైనా పెరుగుతుంటే అది సిగ్నల్ ఇస్తుంది. మర్నాటికల్లా ఇచ్చింది. ప్లేట్ మీద పరిచి చూస్తే సాల్మొనెల్లా టైఫి, అంటే టైఫాయిడ్ బ్యాక్టీరియా. ఇంకో రోజుకి ఏ మందు పనిచేస్తుందో కూడా తెలిసింది. అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ పనిచేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు. ఈ చివరి మాట మన దేశంలో దాదాపు ప్రతి టైఫాయిడ్ రిపోర్టులోనూ రాయాల్సి వస్తోంది. "జ్వరానికి ఇది బాగా పనిచేస్తుంది" అని మీలో కొందరు షాపులో అడిగి తెచ్చుకునే ఓఫ్లాక్సాసిన్ కూడా ఆ కుటుంబమే.

మందు మొదలుపెట్టిన మూడోరోజు కూడా అతనికి జ్వరం తగ్గలేదు. టెన్షన్ పడి డాక్టరుకి ఫోన్ చేశాడు, ఆయన "ఆగు, తగ్గుతుంది" అన్నారు. ఐదోరోజు సాయంత్రం తగ్గింది. ఆరోరోజు పొద్దున లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది, ఆకలి వేసింది, నాలుగు ఇడ్లీలు తిన్నాడట. అప్పటికి పది మాత్రలు వేసుకున్నాడు. "తగ్గిపోయింది కదా, ఇంకా వేడి మందులెందుకు" అని మిగతా నాలుగూ పక్కన పెట్టేశాడు.

వారం తిరిగేసరికి ఖమ్మం అబ్బాయికి జ్వరం. ఒకే గది, ఒకే మెస్సు, ఒకే నీళ్ల క్యాన్. "నాకు దీంతోనే తగ్గింది, వేసుకో" అని ఇతను ఆ నాలుగు మాత్రలూ ఇచ్చాడు. అతను రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు వేసుకున్నాడు. జ్వరం కాస్త దిగింది, మూడు రోజులు బాగానే ఉన్నాడు, తర్వాత మళ్లీ ఎక్కింది. సరిగ్గా అదే వారంలో మంచిర్యాల అబ్బాయికీ మళ్లీ జ్వరం వచ్చింది. జ్వరం పోయిన పద్దెనిమిదో రోజు అది.

ఇద్దరి రక్తం సీసాలూ ఒకేసారి నా బల్ల మీదికి వచ్చాయి. మంచిర్యాల అబ్బాయి సీసాలో మళ్లీ అదే టైఫి పెరిగింది. ఖమ్మం అబ్బాయి సీసాని ఐదు రోజులు మెషీన్‌లో ఉంచినా ఏమీ పెరగలేదు. ఆ ఖాళీ సీసా గురించి తర్వాత చెబుతాను. ముందు తిరగబెట్టిన జ్వరం సంగతి.

టైఫాయిడ్ బ్యాక్టీరియా రక్తంలో ఉండేది చాలా తక్కువ. ఒక మిల్లీలీటరు రక్తంలో ఒకటి ఉంటే గొప్ప. దాని అసలు కాపురం వేరేచోట. మన ఒంట్లో క్రిముల్ని మింగి చంపే తెల్లకణాలు కొన్ని ఉంటాయి. మిగతా బ్యాక్టీరియాలకు అవి యముళ్లు. టైఫి మాత్రం వాటి లోపలికి వెళ్లి చావకుండా అక్కడే బతుకుతుంది. ఆ కణాల్లో కూర్చుని కాలేయంలోకి, ప్లీహంలోకి, ఎముకల మజ్జలోకి, పిత్తాశయంలోకి చేరుతుంది. మందు రక్తంలో తిరిగితే చాలదు, ఆ కణాల లోపలికి దూరాలి, లోపల తగినంత చేరాలి, చేరాక కొన్నాళ్లు ఉండాలి. అజిత్రోమైసిన్‌ని టైఫాయిడ్‌కి వాడటానికి కారణమే ఇది. రక్తంలో కంటే కణాల లోపల ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుంది.

అందుకే సరైన మందు వేసినా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. మూడోరోజుకి తగ్గలేదంటే మందు పనిచేయడం లేదని అర్థం కాదు. మూడోరోజు భయపడి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి మందు మార్పించుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఐదోరోజు జ్వరం పోతుంది, ఆ పేరు రెండో డాక్టరుకి వస్తుంది! అలాగే జ్వరం పోయిందంటే బ్యాక్టీరియా అంతా పోయిందనీ కాదు. సంఖ్య బాగా తగ్గింది, ఒళ్లు మంటపెట్టేంత గొడవ ఇప్పుడు లేదు, అంతే. మజ్జలోనో, పిత్తాశయంలోనో మిగిలినవి మళ్లీ పెరిగి రక్తంలోకి రావడానికి రెండు మూడు వారాలు తీసుకుంటాయి. పద్దెనిమిదో రోజు జ్వరం రావడం వెనక ఉన్న లెక్క అదే. మధ్యలో అతను బాగానే ఉన్నాడు, మాక్ టెస్టులు కూడా రాశాడు, కానీ ఆ రోజుల్లో కూడా మలంలో టైఫి బయటికి పోతూనే ఉండి ఉంటుంది. గదికి ఒకే బాత్రూమ్ అని మర్చిపోకండి.

మాత్రల కోర్సు ఎన్ని రోజులు అనేది ఎవరో తోచినట్టు రాసిన అంకె కాదని చెప్పడానికి ఇదంతా రాశాను. కొందరికి ఐదు రోజులిచ్చి, కొందరికి ఏడు, కొందరికి పద్నాలుగు ఇచ్చి, తర్వాత నెలరోజుల పాటు వాళ్లలో ఎంతమందికి తిరగబెట్టిందో చూసి పెట్టుకున్న లెక్కలవి. జబ్బుని బట్టి, మందుని బట్టి మారతాయి. టైఫాయిడ్‌కే సెఫిక్సిమ్ మాత్రలు రాస్తే సాధారణంగా పద్నాలుగు రోజులు వాడమంటారు, అజిత్రోమైసిన్‌కి ఏడు చాలు. ఎందుకంటే అజిత్రోమైసిన్ ఒంట్లోంచి చాలా మెల్లగా పోతుంది. ఉన్నదాంట్లో సగం తగ్గడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. చివరి మాత్ర వేసుకున్నాక కూడా ఇంకో రెండు వారాలు కొంత కొంత ఉంటుంది. "అయితే ఐదో రోజు ఆపినా లోపల ఉంటుంది కదా" అని మంచిర్యాల అబ్బాయి నన్ను అడిగాడు. తెలివైన ప్రశ్నే. కానీ ఏడు రోజులు అని తేల్చినప్పుడే ఆ తోకని కూడా లెక్కలో వేసుకున్నారు. లేకపోతే దీనికీ పద్నాలుగే అనేవాళ్లు.

అతను ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం అసలు మొదలుపెట్టాను.

రెండోసారి పెరిగిన టైఫి మీద కూడా నేను మందుల్ని పరీక్షించాను. అజిత్రోమైసిన్ మునుపటిలాగే పనిచేసింది. అతను రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి, "మేడమ్, కోర్సు సగంలో ఆపితే బ్యాక్టీరియాకి రెసిస్టెన్స్ వస్తుందంటారు కదా. నాకు రాలేదే?" అన్నాడు.

నిజమే, రాలేదు. ఇక్కడ మేం డాక్టర్లం ఒక తప్పు ఒప్పుకోవాలి. "సగంలో ఆపితే బలహీనమైనవి చచ్చి బలమైనవి మిగులుతాయి, అవి మందుకి లొంగవు" అని ఏళ్ల తరబడి ప్రతి జబ్బుకీ ఒకటే పాట పాడాం. టీబీ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. అక్కడ నెలల తరబడి మందులు సక్రమంగా వాడకపోతే, ఆ మనిషి ఊపిరితిత్తుల్లోనే మందుకి లొంగని టీబీ తయారవుతుంది. మిగతా చాలా జబ్బుల్లో కథ అంత సూటిగా ఉండదు. 2017లో కొందరు బ్రిటిష్ డాక్టర్లు ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఇదే వాదించారు. అవసరానికి మించి పొడవైన కోర్సులే రెసిస్టెన్స్‌ని ఎక్కువ పెంచుతున్నాయని వాళ్ల మాట. ఆ తర్వాత న్యుమోనియా వంటి కొన్ని జబ్బుల్లో కోర్సులు తగ్గాయి కూడా, ఒకప్పుడు పది రోజులు ఇచ్చేచోట ఇప్పుడు ఐదు రోజులు ఇస్తున్నారు. కాబట్టి మీ డాక్టరు మూడు రోజులకో, ఐదు రోజులకో రాస్తే "కోర్సు తక్కువ రాశారు" అని అనుమానపడకండి. ఆయన రాసినన్ని రోజులే కోర్సు. మధ్యలో ఆపాలనిపిస్తే ఆయన్నే అడగండి, కొన్నిసార్లు ఆపమనే చెబుతారు.

మరి రెసిస్టెన్స్ ఎక్కడ పుడుతోంది? ఎక్కువగా, మీకు జబ్బు చేయని బ్యాక్టీరియాలో.

మన పేగుల్లో, గొంతులో, చర్మం మీద లక్షల కోట్ల బ్యాక్టీరియాలు మామూలుగా కాపురం ఉంటాయి. టైఫాయిడ్‌కి మాత్ర వేసుకుంటే అది టైఫిని వెతుక్కుంటూ పోదు. దారిలో ఉన్న వీటన్నిటి మీదా పడుతుంది. వాటిలో మందుని తట్టుకోగలిగినవి కొన్ని ముందునుంచే ఉంటాయి. పక్కవన్నీ చస్తే చోటంతా వీటిదే. 2007లో బెల్జియంలో ఒక అధ్యయనం చేశారు. జబ్బేమీ లేని మనుషుల్లో కొందరికి అజిత్రోమైసిన్ 500 ఎంజీ రోజుకొకటి చొప్పున మూడు రోజులిచ్చారు. అంటే మన షాపుల్లో మూడు మాత్రల స్ట్రిప్‌గా అమ్మేది, జలుబు చేసిందంటే మీరు తెచ్చుకునేది, సరిగ్గా అదే. వాళ్ల గొంతులో మామూలుగా ఉండే బ్యాక్టీరియాలో మందుకి లొంగనివి ఒక్కసారిగా పెరిగాయి. ఆరు నెలల తర్వాత చూసినా, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ల కంటే వీళ్లలో అవి ఎక్కువగానే ఉన్నాయి. మూడు మాత్రలకి ఆరు నెలలు! జలుబు మాత్రం వైరస్ వల్ల వచ్చేది కాబట్టి, మాత్ర వేసినా వేయకపోయినా వారంలో పోతుంది.

"గొంతులో ఏవో హాని చేయని బ్యాక్టీరియా మొండికేస్తే నాకేంటి" అనొచ్చు. మీ అశోక్‌నగర్ భాషలోనే చెబుతాను. మీలో ఒకరు మంచి నోట్స్ రాసుకుంటారు. వారం తిరిగేసరికి అది పక్క హాస్టల్లో, ఎదురు వీధిలో, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో కనిపిస్తుంది. రాసినవాడికి, కొన్నవాడికి ముఖపరిచయం ఉండదు. బ్యాక్టీరియాలోనూ అలాంటి నోట్స్ ఉంటుంది. దాన్ని ప్లాస్మిడ్ అంటారు, చిన్న గుండ్రటి డీఎన్‌ఏ ముక్క. ఏ మందుని ఎలా ముక్కలు చేయాలి, ఎలా బయటికి తోసేయాలి అన్న సూచనలు దాంట్లో ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పక్కదానికి దాని కాపీ ఇచ్చేస్తుంది. పక్కది తన జాతే కానక్కర్లేదు. పేగుల్లో ఉండే సాధువైన ఇ.కొలై దగ్గరున్న ప్లాస్మిడ్, దారిన పోయే టైఫి చేతికి అందుతుంది.

ఇది ఊహ కాదు, జరిగింది. హైదరాబాద్‌లోనే జరిగింది. మనది కాదు, పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో ఉన్న హైదరాబాద్. 2016 నవంబరు నుంచి అక్కడ టైఫాయిడ్ కేసులు విపరీతంగా వచ్చాయి. అప్పటిదాకా వాడిన పాత మందులు పనిచేయలేదు, సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయలేదు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ కూడా పనిచేయలేదు. ఆ టైఫి జన్యువుల్ని చదివితే, సెఫ్ట్రియాక్సోన్‌ని ముక్కలు చేసే జన్యువు ఒక ప్లాస్మిడ్ మీద దొరికింది. అచ్చం అలాంటి ప్లాస్మిడ్ అంతకుముందే ఇ.కొలైలో ఉంది. నోట్స్ ఎవరిదో, ఎవరి చేతికి వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది. అక్కడి డాక్టర్ల చేతిలో మాత్రగా మిగిలింది ఒక్క అజిత్రోమైసిన్. అదీ లేదంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి ఖరీదైన మెరోపెనెమ్ ఇంజక్షన్లు ఎక్కించాలి.

ఆ ఒక్క మాత్రకీ కాలం చెల్లే సూచనలు ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో 2013లో దొరికిన టైఫిలోనే అజిత్రోమైసిన్‌కి లొంగని రకం కనిపించింది. దానికి ప్లాస్మిడ్ కూడా అక్కర్లేకపోయింది. మందుని బయటికి తోసే పంపు ఒకటి ప్రతి టైఫిలోనూ ఉంటుంది, దాని జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే. సింధ్‌లో మిగతా మాత్రలన్నిటికీ లొంగని ఆ రకంలో కూడా ఈ అక్షరం మారితే, టైఫాయిడ్‌కి మాత్రతో వైద్యం ఉండదు.

సింధ్‌లో ఆ మంటని అదుపు చేయడానికి పిల్లలకి వేసిన టీకా ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019 నవంబరులో సింధ్ రాష్ట్రంలో లక్షలాది పిల్లలకి వేశారు. ఒక్క డోసు. హాస్టల్ నీళ్లు తాగే మీకు కూడా అది పనికొస్తుంది. పుస్తకాలకి పెట్టే ఖర్చులో కొంత దానికి పెట్టమని సలహా ఇస్తాను.

మన దగ్గర ఇంకా ఆ పరిస్థితి లేదు. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఎక్కువ రిపోర్టుల్లో పనిచేస్తూనే ఉన్నాయి. ఇంకో విచిత్రం చెబుతాను. 1948లో వచ్చిన క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌కి తొలి మందు. 1972లో కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫి వచ్చింది, తర్వాత దేశమంతా పాకింది, డాక్టర్లు ఆ మందునే వదిలేశారు. ముప్పై ఏళ్లు ఎవరూ ముట్టుకోకపోయేసరికి ఇప్పుడు నా ప్లేట్ల మీద అది మళ్లీ పనిచేస్తోంది. వాడకం ఆగితే, ఆ నోట్స్ మోయడం బ్యాక్టీరియాకి బరువు. మెల్లగా వదిలేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో మాత్రం అలా వదలడం లేదు, ఎందుకంటే అది ప్లాస్మిడ్‌లో కాకుండా దాని సొంత జన్యువుల్లోనే మార్పు. పైగా మనం వాడటం ఆపిందీ లేదు.

ఇప్పుడు ఖమ్మం అబ్బాయి ఖాళీ సీసా దగ్గరికి వస్తాను.

అతని జ్వరం టైఫాయిడా? గదిలో ఒకరికి ఉంది కాబట్టి కావచ్చు. ఆ నెలలో చిక్కడపల్లిలో డెంగీ కూడా ఉంది. వైరల్ జ్వరాలు సరేసరి. మందు వేసుకోకముందు వచ్చుంటే రక్తం కల్చర్ చేసేవాళ్లం. అప్పుడు కూడా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో ఆరుగురిలోనే దొరుకుతుంది, ఎందుకంటే రక్తంలో అది ఉండేదే అంతంత మాత్రం. నాలుగు మాత్రలు పడ్డాక రక్తంలో ఉన్న ఆ కాసిన్నీ చచ్చిపోతాయి, మజ్జలో ఉన్నవి మిగులుతాయి. నా సీసాలో ఏమీ పెరగదు. టైఫాయిడ్ లేదని రాయలేను, ఉందనీ రాయలేను. అతను వేసుకున్నది మొత్తం రెండు గ్రాములు. టైఫాయిడ్‌కి కావాల్సింది ఏడు గ్రాములు. వైద్యానికి చాలదు, పరీక్షని పాడుచేయడానికి చాలు.

అప్పుడు వైడాల్ పరీక్ష చేయించారు. మీకు అందరికీ తెలిసిన పరీక్ష ఇది, మన ఊళ్లలో జ్వరం అంటే ముందు రాసేది ఇదే. అతనికి పాజిటివ్ అని, 1:160 అని వచ్చింది. నా దృష్టిలో ఆ కాగితానికి పెద్ద విలువ లేదు. వైడాల్ చూసేది బ్యాక్టీరియాని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీల్ని. చిన్నప్పుడెప్పుడో టైఫాయిడ్ వచ్చినా, వేరే సాల్మొనెల్లా సోకినా, ఒక్కోసారి మలేరియా వచ్చినా అవి కనిపిస్తాయి. జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి ఉంటాయి. కాబట్టి "కోర్సు అయిపోయింది, వైడాల్ ఇంకా పాజిటివే, ఇంకో కోర్సు వేసుకోవాలా" అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: తగ్గిందా లేదా అని తెలుసుకోవడానికి వైడాల్ చేయించకండి. మళ్లీ జ్వరం వస్తే కల్చర్ చేయించండి.

ఏ ఆధారమూ లేక, ప్రమాదం తెచ్చుకోకూడదని ఆ డాక్టరు అతన్ని ఆసుపత్రిలో చేర్చి సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. టైఫాయిడ్ సగం వైద్యంతో సాగితే రెండు మూడు వారాల దగ్గర పేగుకి చిల్లు పడటం, రక్తస్రావం కావడం ఉంటాయి. మీకెప్పుడైనా వారం దాటిన జ్వరంలో కడుపునొప్పి హఠాత్తుగా ఎక్కువైతే, మలం నల్లగా తారులా వస్తే, మత్తుగా పడి ఉంటే, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఖమ్మం అబ్బాయికి అదృష్టవశాత్తూ అలాంటివేమీ కాలేదు. పది రోజులు ఇంజక్షన్లు, ఊరి నుంచి అమ్మ రావడం, అప్పు, ఒక పరీక్ష పోవడం, ఇవే మిగిలాయి. అది టైఫాయిడేనా అని అతను ఇప్పటికీ అడుగుతుంటాడు. నేను ఇప్పటికీ చెప్పలేను. ఒకవేళ అది డెంగీయో, మామూలు వైరల్ జ్వరమో అయితే, ముందు నాలుగు మాత్రలూ, తర్వాత పది రోజుల ఇంజక్షన్లూ అతని పేగుల్లోని బ్యాక్టీరియాకి ఊరికే శిక్షణ ఇచ్చినట్టు.

మాత్రలిచ్చిన అబ్బాయిని తిట్టాలని నాకు లేదు. మీ గదుల్లో అన్నీ పంచుకుంటారు, టిఫిన్ బాక్సు, చార్జరు, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి. ఊళ్లో ఆర్‌ఎంపీ కవర్లో రెండు ఎర్రవి, రెండు తెల్లవి పోసి ఇచ్చే పద్ధతిలో పెరిగినవాళ్లకి మాత్ర అంటే పంచుకోకూడని వస్తువని అనిపించదు. తెలిసేలా ఒక గుర్తు మాత్రం ఉంది. మీ దగ్గరున్న స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి, నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడని మందు అది. పారాసిటమాల్‌కి ఆ గీత ఉండదు. దాన్ని కావాలంటే పంచుకోండి, నాకు అభ్యంతరం లేదు.

కోర్సు నడుస్తుండగా ఆపాల్సిన సందర్భాలు కూడా ఉంటాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనాలు ఆగకుండా అవుతుంటే, వాంతులకి మాత్ర నిలవకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. కల్చర్ రిపోర్టు వచ్చాక మందు మారుస్తామన్నా, అసలు బ్యాక్టీరియా కాదు ఆపేయమన్నా ఆపాలి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి పూట టైము దగ్గరపడితే ఆ ఒక్కటి వదిలేసి మామూలుగా కొనసాగించండి. రెండూ కలిపి మింగకండి. డాక్టరు మందు ఆపినా, మార్చినా పాత మాత్రలు మిగులుతాయి. వాటిని తలుపు వెనక వేలాడే క్యారీ బ్యాగులో దాచొద్దు. కట్ చేయని స్ట్రిప్ అయితే బిల్లుతో షాపుకి తీసుకెళ్లండి, చాలామంది వెనక్కి తీసుకుంటారు.

హాస్టల్ నడిపేవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకి ఒక్క మాట. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏ బాధా లేకుండా పిత్తాశయంలో టైఫిని ఏళ్ల తరబడి మోస్తారు. మీ హాస్టల్లో ఒకే సీజన్‌లో ఇద్దరు ముగ్గురికి టైఫాయిడ్ తేలితే, నీళ్ల ట్యాంకుతో పాటు వంట చేసేవాళ్లకి మలం కల్చర్ కూడా చేయించండి. దొరికితే వైద్యం చేయించండి. పనిలోంచి తీసేస్తే వాళ్లు ఇంకో హాస్టల్లో వంటకి చేరతారు, అక్కడ వేరే పిల్లలుంటారు.

ఇక, ఈ ఉత్తరం చదివేసరికే ఎవరివో మాత్రలు రెండో మూడో వేసుకుని ఉన్నవాళ్లకి. జరిగింది జరిగింది. భయపడి డాక్టరు దగ్గర దాచిపెట్టకండి, దాచిపెడితే నా సీసా ఎందుకు ఖాళీగా ఉందో ఎవరికీ అర్థం కాదు. ఖాళీ స్ట్రిప్ ఉంటే అదే పట్టుకెళ్లండి. లేకపోతే ఒక చీటీ మీద మాత్ర పేరు, ఎన్ని ఎంజీ, మొత్తం ఎన్ని, ఏ రోజు మొదలుపెట్టి ఏ రోజు ఆపారు, జ్వరం ఏ రోజు మొదలైంది అని రాసుకెళ్లండి. డాక్టరు కాస్త విసుక్కోవచ్చు. ఆ చీటీని కల్చర్ ఫారంకి జతచేయమని మాత్రం అడగండి, అది నా దాకా వస్తుంది.

మంచిర్యాల అబ్బాయి రెండో కోర్సు పూర్తిచేశాడు. ఈసారి ఆఖరి మాత్ర తీసేశాక ఖాళీ స్ట్రిప్ ఫోటో తీసి డాక్టరుకి పంపించాడట.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఒక ల్యాబులో పనిచేసే మైక్రోబయాలజిస్టు